బాయిలర్‌లోకి చన్నీళ్లు

నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, మాట్లాడటం రాదు. పదో తరగతి అయ్యాక ఐ.టి.ఐ.లో ఫిట్టర్ పని నేర్చుకున్నాను. బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ పరీక్ష మూడోసారికి గట్టెక్కాను. మిగతా చదువంతా గుంటూరులో గ్రంథాలయం బల్లల దగ్గర జరిగింది. పక్కన నిఘంటువు, ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకుని, అర్థంకాని పేజీని నాలుగుసార్లు చదివేవాణ్ణి. ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లకి తెలియని మాట ఒకటి నాకు తెలిసిందంటే వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగేవాణ్ణి. ఆ గర్వం గురించి కూడా ఇక్కడ చెప్పాలి. అది లేకపోతే ఇందులో సగం జరిగేది కాదు.

ఎనభైల మధ్యలో నేను చిలకలూరిపేట రోడ్డు మీద ఒక సాల్వెంట్ ప్లాంటులో బాయిలర్ చూసుకునేవాణ్ణి. గానుగలో ఆడించిన పత్తిగింజల చెక్కలో ఇంకా కాస్త నూనె మిగులుతుంది. దాన్ని పెట్రోలులాంటి ద్రావకంలో కరిగించి బయటికి లాగి, ఆ ద్రావకాన్ని ఆవిరితో కాచి విడగొడతారు. ఆ ఆవిరి ఇచ్చేది మా బాయిలర్. పొయ్యిలో వరి ఊక, కొరత వస్తే పత్తి కట్టె. మాఘమాసం దాటాక చుట్టుపక్కల కల్లాల్లో మిరపకాయలు ఆరబోస్తే గాలి తిరిగినప్పుడల్లా బాయిలర్ హౌసులో అందరం ఒకేసారి తుమ్మేవాళ్లం. ద్రావకం ఆవిర్లు నిప్పుకి అందితే ఏమవుతుందో తెలుసు కాబట్టి బాయిలర్‌ని ప్లాంటుకి దూరంగా, మధ్యలో గోడ కట్టి పెట్టారు. ఆ గోడ మాకు ఎప్పుడూ గుర్తుండేది.

మా అక్క మొగుడు అక్కడే ఫైర్‌మన్. ఆయన్ని పనిలో పెట్టించింది నేనే. పొలం కూలి మానిపించి తీసుకొచ్చాను. పొయ్యిలో ఊక సమంగా చల్లడంలో ఆయన్ని మించినవాడు లేడు. కూనిరాగంతో క్రైస్తవ కీర్తనలు పాడుకుంటూ, బాయిలర్ ముందు పక్కగా ఒక ఇనప స్టూలు వేసుకుని కూర్చునేవాడు. అక్కడినుంచి నీళ్ల గ్లాసు కనపడుతుంది. బాయిలర్‌లో నీళ్లు ఎంత ఉన్నాయో చూపించే గాజు గొట్టం అది. స్టూలుకి రెండు మూరల దూరంలో బాయిలర్ ఒంటికి ఒక పైపు అతికించి ఉంటుంది. లోపలికి నీళ్లు వెళ్లే దారి అదే. ఫీడ్ పైపు అనేవాళ్లం.

కరెంటు కోతల కాలం. రోజులో సగం జనరేటర్ మీదే నడవాలి. ఆ జనరేటర్ ప్లాంటులో చెక్కని మోసే కన్వేయర్లని, మా ఫీడ్ పంపునీ కలిపి మొయ్యలేదు. అందుకని మాకొక పద్ధతి ఏర్పడింది. నీళ్లు గ్లాసులో కింది గీత దాకా దిగనిచ్చి, అప్పుడు ప్లాంటు వాళ్లకి గంట కొట్టేవాళ్లం. వాళ్లు కన్వేయర్ ఆపేవారు. మేం పంపు వేసి పై గీత దాకా నీళ్లు గబగబా నింపేసి ఆపేసేవాళ్లం. మళ్లీ కన్వేయర్ నడిచేది. ఇలా షిఫ్టుకి ఆరేడుసార్లు. కరెంటు ఉన్నప్పుడూ చేతులకి ఆ అలవాటే పట్టుకుపోయింది. పంపు వేసిన ప్రతిసారీ టైము రికార్డు షీటులో రాయడం నియమం. మా బావ ఆ నియమం ఎన్నడూ తప్పలేదు.

ఒకరోజు వేడినీళ్ల తొట్టి మీద నూనె తెట్టు కనపడింది. ప్లాంటులో పని చేసిన ఆవిరి చల్లారి నీరై, ఒక పైపులో మళ్లీ, మా పంపు నీళ్లు తోడే ఆ తొట్టిలోకే వచ్చేది. చెయ్యి పెడితే కాలేంత వేడిగా ఉండేవి ఆ నీళ్లు. ప్లాంటులో ఏదో హీటరు గొట్టం చిల్లుపడి అందులో నూనె కలుస్తోంది. బాయిలర్‌లోకి నూనె పోతే, లోపల మంట పారుతూ నీళ్లలో మునిగి ఉండే గొట్టాలకి పొరలా అంటుకుని, ఆ చోట ఇనుము ఎర్రగా కాలి ఉబ్బి పగులుతుందని నేను అంతకు నెల క్రితమే చదివి ఉన్నాను. ఆ పేజీ నోటు పుస్తకంలో ఎక్కించుకున్నాను కూడా. మేనేజరు గారి గదిలో ఇద్దరు ఇంజనీర్ల ముందు అది విప్పి చదివాను. ఆ నీళ్లు కాలవలోకి వదిలెయ్యాలి, బోరు నీళ్లు వాడుకోవాలి అన్నాను. ఆయన ఇంజనీర్ల వైపు తిరిగి, "చూశారా, ఐ.టి.ఐ. కుర్రాడు చెప్పాల్సొచ్చింది" అన్నారు. ఆ సాయంత్రం నేను సైకిలు తొక్కిన తీరు నాకింకా గుర్తు.

నేను చెప్పిందాంట్లో తప్పు లేదు. ఆ నీళ్లు బాయిలర్‌లోకి పోకూడదు. హీటరు బాగుచేసేదాకా అనుకున్నాం. చన్నీళ్లతో పని జరిగిపోతోంది కాబట్టి హీటరు సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఊరి అవతల కొత్తగా పెట్టిన ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో అటెండరు మా చర్చి మనిషి. వాచకాలు బయటికి ఇవ్వరు గానీ ఒక మూల కూర్చుని చదువుకోనిచ్చేవాడు. ఆ ఎండాకాలం మొదట్లో ఒక లావుపాటి పుస్తకంలో లోహాలు అలసిపోవడం గురించి అధ్యాయం తీశాను. అప్పటిదాకా నాకు తెలిసింది ఒక్కటే. బరువు పదేపదే పడితే ఇనుము లక్షల సార్ల తర్వాత విరుగుతుంది, బరువు తగ్గిస్తే ఎన్నటికీ విరగదు. ఇందులో వేరే మాట ఉంది. కొన్నిచోట్ల బరువు లెక్క పనికిరాదట. ఇనుముని వేడి చేస్తే సాగాలనుకుంటుంది, చల్లారిస్తే ముడుచుకోవాలనుకుంటుంది. చుట్టూ ఉన్న ఇనుము దాన్ని కదలనివ్వకపోతే, బయటినుంచి ఏ బరువూ లేకుండానే లోపల లాగుడు మొదలవుతుంది. ఆ లాగుడు ఒక హద్దు దాటితే ఇనుము మళ్లీ వెనక్కి రాని విధంగా కాస్త సాగిపోతుంది. మళ్లీ వేడెక్కితే, సాగిన ముక్కని చుట్టూ ఉన్నది నొక్కి వెనక్కి తోస్తుంది. మళ్లీ చల్లారితే మళ్లీ సాగుతుంది. ఇలాంటిచోట ఎంత బరువు అని అడగకూడదు, ప్రతిసారీ ఎంత సాగుతోంది అని అడగాలి. ఆ సాగుడుకే స్ట్రెయిన్ అని పేరు. అందులో తిరిగి వచ్చే వాటా ఒకటి, తిరిగి రాని వాటా ఒకటి. తిరిగి రానిది ఎక్కువయ్యేకొద్దీ ఆయుష్షు లక్షల్లోంచి వేలల్లోకి, వేలల్లోంచి వందల్లోకి పడిపోతుంది.

ఇది నాకు కొత్తగా అనిపించలేదు, అదే ఆశ్చర్యం. జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లకి చుట్టే ఇనప పట్టీని కూలీలు కత్తిరించరు. అటూ ఇటూ గట్టిగా వంచుతారు. ఐదారు వంపులకి తెగిపోతుంది. అదే పట్టీని కొద్దికొద్దిగా వంచితే ఎంతసేపటికీ తెగదు, చెయ్యి నొప్పెడుతుంది. నేను చిన్నప్పటినించీ చూసిన పనికి ఈ పుస్తకంలో గీతలు గీసి పెట్టారు.

పుస్తకంలో ఉదాహరణకి ఒక బొమ్మ ఉంది. వేడి డ్రమ్ము, దానికి అతికించిన పైపు, అందులోంచి వచ్చే చల్లటి నీళ్లు. పైపు డ్రమ్ములో కలిసే లోపలి మూల దగ్గర నల్లటి చుక్క పెట్టారు. నేను ఆ చుక్కని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మా బావ స్టూలు ఆ బొమ్మలో ఎక్కడ పడుతుందో నాకు తెలిసిపోయింది.

లెక్క నేనే వేశాను. బాయిలర్ ఒళ్లు నూట ఎనభై డిగ్రీల పైన ఉంటుంది. బోరు నీళ్లు ముప్పై. తేడా నూట యాభై. ఒక డిగ్రీకి ఇనుము ఎంత ముడుచుకుంటుందో పట్టికలో ఉంది. దాంతో హెచ్చవేసి, మూలలో సాగుడు అంతా ఒకచోట పోగవుతుంది కాబట్టి మూడింతలు చేశాను. అందులోంచి తిరిగి వచ్చే వాటా తీసేస్తే, తిరిగి రాని సాగుడు వెయ్యి భాగాలకి మూడు భాగాలు వచ్చింది. కంటికి కనపడేది కాదు. లాగ్ టేబుళ్లు ముందేసుకుని, పుస్తకం ఇచ్చిన సూత్రంలో పెడితే సుమారు ఐదు వేల సార్లు అని తేలింది.

తర్వాత పాత వేడినీళ్లతో అదే లెక్క వేశాను. ఎనభై ఐదు, తొంభై డిగ్రీల నీళ్లు. తేడా వందకి కాస్త తక్కువ. మూలలో సాగుడు అప్పుడు కూడా హద్దు దాటుతుంది గానీ, దాటేది కొంచెమే. జవాబు పదింతలు వచ్చింది. నేను తప్పు వేశాననుకుని మళ్లీ వేశాను. మళ్లీ అంతే. నీళ్ల చలువ సగం పెరిగితే ఆయుష్షు పదో వంతుకి పడిపోయింది.

మర్నాడు ఆఫీసు అలమారలో పాత రికార్డు షీట్లు తీసి, బావ చేతిరాతతోనూ మిగతా షిఫ్టుల వాళ్ల చేతిరాతతోనూ ఉన్న పంపు టైములు లెక్కపెట్టాను. రోజుకి ఇరవై అటూఇటూ. చన్నీళ్లు మొదలైన దగ్గర్నుంచి నాలుగువేల ఏడువందల పైచిలుకు. షీట్లు మళ్లీ కట్ట కడుతుంటే దారం ముడి పడలేదు.

నా లెక్క తప్పని ఎవరైనా చెబితే బాగుండునని కాలేజీలో ఒక లెక్చరర్ దగ్గరికి వెళ్లాను. ఆయన నాకన్నా చిన్నవాడు. నోటు పుస్తకం మొత్తం ఓపిగ్గా తిప్పాడు.

"ఎక్కడ చదివారండీ మీరు?"

"ఇక్కడేనండి. మీ లైబ్రరీలో, ఆ మూల."

ఇంకోసారైతే ఆ ప్రశ్నకి పొంగిపోయేవాణ్ణి. ఆయన పెన్సిలుతో ఒకచోట సున్నా చుట్టాడు. "లెక్క బానే ఉంది. కానీ ఈ గీత ఎలా వచ్చిందో చూశారా? నున్నగా సానబట్టిన కడ్డీల మీద పరీక్షలు చేస్తే వచ్చింది. మీ వెల్డింగు నున్నగా ఉందా?"

"లేదండి."

"పైగా అక్కడ నీళ్లున్నాయి, తుప్పుంటుంది. ఒకే రకం కడ్డీలు పది తీసుకున్నా ఒకటి ముందు, ఒకటి వెనక పోతాయి. ఐదు వేలంటే ఐదు వేలు కాదు. రెండు వేలు కావచ్చు, పది వేలు కావచ్చు."

"మొన్న హైడ్రాలిక్ టెస్టు పాసయిందండి. ఒకటిన్నర రెట్లు ప్రెషర్ పెట్టారు."

"చన్నీళ్లతో నింపి, ఒక్కసారి ఒత్తిడి పెట్టి చూస్తారు కదా. ఇవాళ ఎంత బలం ఉందో చెబుతుంది. ఎన్నిసార్లు వంగిందో దానికి తెలీదు." ఆయన పుస్తకం మూసి నాకిచ్చాడు. "చీలిక మొదలవడం వేరు, పేలడం వేరు. అది కూడా గుర్తుంచుకోండి. లోపలికి దిగి చూస్తే గానీ ఏమీ చెప్పలేం."

ఆ మాట నాకు ధైర్యం ఇవ్వాలి. ఇవ్వలేదు. రెండు వేలు కావచ్చు అన్న ముక్కే చెవిలో ఉండిపోయింది.

ఆ వారం నాది పగలు రెండో షిఫ్టు, బావదీ అదే. నేను రాగానే ఆయన స్టూలు కేసి చూశాను. పంపు వేసినప్పుడల్లా ఫీడ్ పైపు దగ్గర టక్కుమని చిన్న చప్పుడు వచ్చేది. పైపు క్లాంపులో జరుగుతున్నందువల్ల కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఇన్నాళ్లూ వింటూనే ఉన్నాను. ఇప్పుడు ఆ చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి నిలబడుతున్నాను. వచ్చాక చెమట పట్టేది. రాకపోతే, ఎందుకు రాలేదని ఇంకా చెమట పట్టేది.

"ఏం బామ్మర్దీ, దెయ్యాన్ని చూసినట్టు అట్టా చూస్తావేంది?" అన్నాడు బావ.

"స్టూలు అటేపు వేసుకో బావా."

"అటేపు వేసుకుంటే గ్లాసు కనపడిద్దా? నీ పుస్తకంలో మెడ సాగదీసే ఉపాయం ఏమన్నా రాశారా?"

"నవ్వులాట కాదు. ఆ పైపు దగ్గర కూర్చోమాక."

"ఎనిమిదేళ్లుగా ఆడే కూర్చుంటన్నా. మొన్న బాయిలర్ ఇన్‌స్పెక్టరు గారొచ్చి దీనికి దండ వేసినంత పని చేశాడు." ఆయన పార తీసుకుని పొయ్యి తలుపు తెరిచాడు. "మీ అక్క నన్ను తిట్టినప్పుడు కూడా నువ్విట్టా భయపళ్లా."

మా అక్క అప్పుడు రెండో కానుపుకి నెలలు నిండి ఉంది. బావ ఆ సంగతే తలుచుకుంటున్నాడేమో, కీర్తన అందుకున్నాడు.

మేనేజరు గారి దగ్గరికి వెళ్లి, బాయిలర్ ఆపి లోపల చూడాలని చెప్పాను. సూత్రం చెప్పాను, గీత గీసి చూపించాను. ఆయన మంచివారు, మొరటు మాట అనే మనిషి కాదు. కానీ అది చెక్క లారీలు గేటు బయట వరసకట్టే కాలం.

"ఎక్కడన్నా కారుతోందా?"

"లేదండి."

"ఉబ్బిందా? ప్రెషర్ పడిపోతోందా?"

"లేదండి. ప్రెషర్‌కీ దీనికీ సంబంధం లేదండి. అందుకే గేజీకి కనపడదు."

"రెండు నెలల కింద ప్రభుత్వం మనిషి సంతకం పెట్టాడయ్యా. నువ్వు ఏదో పుస్తకం పట్టుకొచ్చి ఆపమంటావు. పోయినసారి నువ్వు చెప్పింది విన్నాను, నిజమే. అట్లాగని ప్రతి నెలా ఒక కొత్త పేజీ వినలేను." ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సీజను అయ్యాక కడిగేటప్పుడు చూద్దాం. ఇంకో రెండు నెలలు."

రెండు నెలలంటే పన్నెండు వందల సార్లు. బయటికి వస్తూ ఆ గుణకారం చెయ్యకుండా ఉండలేకపోయాను.

నేను చెప్పనిదొకటి ఉంది. మేనేజరు గారికి గీసి చూపించిన లెక్కలో నీళ్లు చల్లగా ఉన్నాయని చెప్పాను గానీ, అవి ఎందుకు చల్లగా ఉన్నాయో చెప్పలేదు. పోయినసారి నేను చెప్పినదానికీ దీనికీ ఆయన ముడిపెట్టుకోలేదు, అడగలేదు. అడగనందుకు లోపల ఎక్కడో ఊపిరి పీల్చుకున్నాను. ఆ సంగతి గ్రహించాక బాయిలర్ మీది భయానికి తోడు నా మీద నాకే ఒక రకమైన భయం పుట్టింది. మనిషి స్టూలు మీద కూర్చుని ఉంటే, నేను నా పేరు చూసుకుంటున్నాను.

తిరిగి బాయిలర్ హౌసుకి వచ్చేసరికి బావ గంట కొడుతున్నాడు. నీళ్లు కింది గీతకి వచ్చాయి.

"ఆగు బావా, కొంచెం ఆగు."

"ఆగితే గొట్టాలు బయటపడతయ్. నీకు మతి పోయిందా?"

నిజమే, ఆపలేం. నీళ్లు తగ్గితే అది ఇంకా పెద్ద ప్రమాదం. పంపు వేశాడు. టక్ మంది. పై గీత దాకా నింపి ఆపాడు. అప్పుడు అక్కడే ఊక బస్తా మీద కూర్చుని మొత్తం చెప్పాను. గోడవారన పడి ఉన్న బేలు పట్టీ ముక్క తీసి ఆయన చేతికిచ్చాను. వంచమని చెప్పాల్సిన పనే లేకపోయింది. చేతికి రాగానే అలవాటుగా అటూ ఇటూ వంచుతూ విన్నాడు.

"పట్టీ ఎందుకు తెగిద్దో నీకు తెలుసు. ఆ పైపు మూల రోజుకి ఇరవైసార్లు అట్టాగే వంగుతోంది బావా. నీళ్లు వేడిగా ఉన్నప్పుడు కొంచెం వంగేది. ఇప్పుడు ఎక్కువ వంగుతోంది. వేడినీళ్లు కాలవలో వదిలించింది నేను. ఆ నూనె పేజీ చదివి పెద్ద మొనగాడిలా చెప్పింది నేనే. చన్నీళ్లు ఏం చేస్తయ్యో అప్పుడు నాకు తెలియదు."

పట్టీ రెండు ముక్కలైంది. ఆయన ఆ ముక్కల్ని చూశాడు, పైపుని చూశాడు. మొదటిసారి ఆయన ముఖంలో నవ్వు లేదు.

"ఎన్నిసార్లు వంగింది?"

"నువ్వు రాసిందే. నాలుగువేల ఏడువందలు."

"ఎన్నిటికి తెగిద్ది?"

"తెలీదు. ఐదు వేలు కావచ్చు. ఇప్పటికే చీలిక మొదలై ఉండొచ్చు. అసలేమీ లేకపోనూ వచ్చు."

తిడతాడేమోనని చూశాను. ఆయన పట్టీ ముక్కలు రెండూ కింద పెట్టి లేచి, "ముందు ఆ తొట్టి సంగతి చూద్దాం రా" అన్నాడు.

ఎవర్నీ అడగకుండా ఆవిరి లైను నుంచి ఒక పైపు లాగి నీళ్ల తొట్టిలో దించాం. గంటన్నరలో తొట్టి పొగలు కక్కింది. ఇంత చిన్న పని ఎనిమిది నెలలుగా తట్టలేదు. అయితే ఇకమీద పడే వంపు చిన్నదవుతుందే గానీ, పడిన వంపులు ఎక్కడికీ పోవు. పుస్తకం ఆ మాట కూడా స్పష్టంగా రాసింది. ప్రతి వంపూ ఆయుష్షులో తన వాటా తినేస్తుంది. తిన్నది తిరిగి రాదు.

షిఫ్టు దిగకముందే ఇద్దరం మేనేజరు గారి గదికి వెళ్లాం. ఈసారి నోటు పుస్తకం తీసుకెళ్లలేదు. "ఇందాక మీకొక విషయం దాచానండి" అని మొదలుపెట్టి, చన్నీళ్లు నా మాట మీదే వచ్చాయని, ఆ హీటరు బాగుచేయించమని నేను ఒక్కసారి కూడా గుర్తుచెయ్యలేదని, ఇప్పుడు లోపల చీలిక ఉంటే దానికి మూలం నేనేనని చెప్పాను. నిలబడ్డ చోటే చెప్పాను.

ఆయన బావ వైపు తిరిగారు. "నువ్వేమంటావోయ్?"

"నేను చదువుకున్నోణ్ణి కాదయ్యగారూ. మా బామ్మర్ది తప్పు ఒప్పుకోటం మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటం. అందుకే నాకు దడ పుడతంది."

మేనేజరు గారు ఫోను తీసి ప్లాంటు వాళ్లతో మాట్లాడారు. ఆ రోజు పొయ్యిలో ఉన్న ఊక కాలిపోయాక ఇక వెయ్యొద్దన్నారు. ఇంజనీర్లు వచ్చి ఏదో అనబోతే, "ఇందాక గొప్ప కోసం చెబుతున్నాడనుకున్నాను. ఇప్పుడు గొప్ప పోగొట్టుకుని చెబుతున్నాడు" అని మాత్రం అన్నారు.

పొయ్యి ఆరిన తర్వాత రెండు రోజులు అన్నిటికన్నా కష్టంగా గడిచాయి. త్వరగా చల్లారాలని ఒక ఇంజనీరు బోరు నీళ్లు పట్టించమన్నాడు. నేను బాయిలర్‌కి అడ్డంగా నిలబడినంత పని చేశాను. వేడి ఇనుములోకి చన్నీళ్లు పట్టించడమంటే ఇన్నాళ్లూ జరిగినదాన్నే మరింత పెద్దది చేసి జరిపించడం. దానంతట అదే చల్లారాలి. గేటు బయట లారీ డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు. నాకు రెండు రకాల భయం. లోపల చీలిక ఉంటుందేమోనని ఒకటి. ఉండదేమోనని ఇంకొకటి. రెండో భయం ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు ఉదయం పై మూత విప్పి, నీళ్లు వదిలేసి, ఎలక్ట్రీషియన్ తక్కువ వోల్టేజి లైటు ఒకటి దించితే నేను లోపలికి దిగాను. నేను సన్నంగా ఉంటాను. గొట్టాల మీద బోర్లా పడుకుని పాకాలి. తుప్పు వాసన, తడి సున్నపు వాసన. మూత కంతలోంచి బావ ముఖం ఒక్కటే కనిపిస్తోంది.

ఫీడ్ పైపు మూతి చుట్టూ తీగ బ్రష్షుతో రుద్ది శుభ్రం చేశాను. కంటికి ఏమీ కనపడలేదు. గుడ్డని కిరసనాయిల్లో ముంచి మూల అంతా తడిపి, అరగంట అలాగే వదిలాను. చీలిక ఉంటే కిరసనాయిలు అందులోకి ఇంకుతుంది. తర్వాత పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, మెత్తటి సుద్దపొడి అద్దాను. ఇంకింది ఉంటే మెల్లగా బయటికి వచ్చి తెల్లటి పొడిని తడుపుతుంది. ఇది పుస్తకంలోది కాదు, గుంటూరు షెడ్లలో లారీ యాక్సిళ్లు చూసే పాత మేస్త్రీల పద్ధతి.

తెల్లగా ఉంది. లైటు దగ్గరికి జరిపాను. తెల్లగానే ఉంది. నా గుండె చప్పుడు చుట్టూ ఉన్న ఇనుములోంచి వినపడుతున్నట్టుంది. కొంతసేపటికి కింది పక్క, వెల్డింగు అంచు వెంట, ఒక బూడిదరంగు వెంట్రుక మొలిచింది. చూస్తుండగానే పొడవైంది. నా చూపుడువేలంత. దాని పక్కనే ఇంకో చిన్నది.

"ఏరా?" అన్నాడు బావ పైనుంచి.

ఆ గీత మీద వేలు పెట్టి చూశాను, తడి తగిలింది. ఆయన మళ్లీ పిలిచాడు.

"ఉంది బావా."

బయటికి వచ్చాక, తనూ చూస్తానన్నాడు. ఆ కంతలో పట్టే మనిషి కాదు. భుజాలు ఒరుసుకుపోయినా దిగాడు. ఎంతసేపటికీ రాలేదు. వచ్చాక మోచేతుల మీది రక్తం తుడుచుకుంటూ, ఆయన స్టూలు ఉండే చోటికి, ఆ గీత ఉన్న చోటికి మధ్య ఎంత దూరమో చేత్తో కొలిచినట్టు గాల్లో చూపించి, ఊక బస్తా మీద కూర్చున్నాడు.

చీలిక పలక మందంలో మూడో వంతు దాకా వెళ్లిందని కోసి చూశాక తేలింది. బహుశా పేలేముందు కారేది, మాకు తెలిసేది, ఆపేవాళ్లం. బహుశా. నేను తర్వాత చదివిన పుస్తకాలు చాలావరకు అదే అంటాయి. అవి చదువుతున్నప్పుడు కూడా నాకు ఆ వేలెడు గీతే కనిపించేది.

ఆ ముక్క కోసేసి కొత్త మూతి వేశారు. నీళ్లు నేరుగా బాయిలర్ ఒంటిని తాకకుండా పైపు లోపల ఇంకో పైపు తొడుగులా పెట్టి, చివరని లోపలి నీళ్ల నడిమధ్యకి చాపారు. ప్లాంటులో చిల్లుపడిన హీటరు గొట్టానికి మూత బిగించి, నూనె రావడం లేదని మూడు రోజులు చూసి, వేడినీళ్లు మళ్లీ తొట్టిలోకి తెచ్చారు. పంపు ఆపకుండా, వాల్వు కొంచెమే తెరిచి సన్నగా నడిపేందుకు జనరేటర్ మీద భారం సర్దారు. ఇన్‌స్పెక్టరు గారు మళ్లీ వచ్చి పరీక్ష చేసి సంతకం పెట్టారు. మా అక్కకి ఆ మధ్యలోనే ఆడపిల్ల పుట్టింది. ఇంట్లో ఎవరూ బాయిలర్ మాట ఎత్తలేదు. బావ చెప్పొద్దన్నాడు.

మళ్లీ పొయ్యి వెలిగించిన రోజు ఉదయం నేను చాలా ముందే వెళ్లాను. తొందర లేకుండా, ఇనుము అంతా ఒక్కలాగే వేడెక్కేలా కొద్దికొద్దిగా ఊక వేస్తూ మధ్యాహ్నం దాకా కాచాం. ప్రెషర్ ముల్లు కదిలినప్పటినించీ నా కళ్లు కొత్త మూతి మీదే ఉన్నాయి. మొదటిసారి పంపు వేసే వేళ వచ్చింది. నాకు తెలియకుండానే వెళ్లి, కొత్త వెల్డింగుకీ ఆయన స్టూలుకీ మధ్య నిలబడ్డాను. అక్కడ నిలబడితే ఏం ఆపగలనో ఆలోచించలేదు.

బావ వాల్వు మీద చెయ్యి వేసి నాకేసి చూశాడు.

"పక్కకి జరగరా, గ్లాసు కనపడట్లా."